తెలుగు టైటిల్‌కి వత్తులు మింగిన టెంప్లేట్: చాన్నాళ్లు వాడాక నా మాట

నల్లగొండలో పెళ్లిళ్లు, జాతర్ల వీడియోలు ఎడిట్ చేసే పని నాది. వీడియో కింది భాగంలో పేరు పట్టీ వేసే లోయర్ థర్డ్ టెంప్లేట్ ఒకటి డౌన్‌లోడ్ చేసి, దాన్ని (.mogrt ఫైల్) ప్రీమియర్ ప్రోలో చాన్నాళ్లుగా వాడుతున్నా. టైమింగ్ విషయంలో దీన్ని తిట్టడానికి నోరు రాదు. ఫాంట్ విషయంలో మాత్రం ఇప్పటికీ కోపమే.

మంచి ముందు చెప్తా. టైమ్‌లైన్‌లో క్లిప్ చివర పట్టుకుని లాగితే మధ్యలో పేరు నిలబడి ఉండే భాగమే సాగుతుంది, లోపలికొచ్చే యానిమేషన్, బయటికి పోయేది మొదట ఉన్న స్పీడ్‌లోనే ఉంటాయి. తయారు చేసినాయన ఆ రెండు ముక్కల్నీ సాగకుండా ప్రొటెక్ట్ చేసి పెట్టాడు. ఇది లేని టెంప్లేట్‌లో చివర కత్తిరిస్తే బయటికి పోయే యానిమేషన్ కూడా తెగిపోయి టైటిల్ ఒక్కసారిగా మాయమవుతుంది. పూజారి గారి పేరు ఎనిమిది సెకన్లు ఉండాలన్నా, సర్పంచ్ పేరు ఐదుకే పోవాలన్నా కీఫ్రేమ్ ముట్టుకోకుండా పని అయిపోతుంది. రంగులు కూడా అంతే, పట్టీకి ఒకటి, గీతకి ఒకటి, ప్యానెల్‌లో నొక్కి మార్చుకోవడమే.

ఇక ఫాంట్. మార్చుకోవచ్చని రాశారు, మార్చుకోవచ్చు కూడా, డ్రాప్‌డౌన్ ఉంది. చెరువుగట్టు జాతర వీడియోకి 'పార్వతీ జడల రామలింగేశ్వర స్వామి' అని రామభద్ర ఫాంట్‌లో పెట్టాను. అక్షరాలు గీత వెనక నుంచి పైకి లేస్తూ వచ్చాయి, చూడ్డానికి బ్రహ్మాండం. వీడియో చూడ్డానికి స్టూడియోకి వచ్చిన పెద్దాయన రెండోసారి అదే చోట ఆపమని, "ఏంది బిడ్డా, సామి అని పడ్డది?" అన్నాడు. జూమ్ చేసి చూస్తే నిజమే. 'ర్వ' కింద వత్తు లేదు, 'శ్వ' కింద వత్తు లేదు, 'స్వా' కింద వత్తు లేదు. 'పారతీ జడల రామలింగేశర సామి' అయి కూర్చుంది. దేవుడి పేరు అది, అట్లా పోతే ఊరంతా మాట అంటారు.

ఫాంట్‌లో తప్పేమీ లేదు. అదే ఫాంట్‌లో మామూలు టెక్స్ట్ లేయర్ రాస్తే వత్తులు నిండుగా వచ్చాయి. అక్షరాలు గీత వెనక నుంచి లేచినట్టు కనబడాలని టెంప్లేట్‌లో ఒక మాస్క్ పెట్టారు, దాని కింది అంచు ఇంగ్లిష్ అక్షరాల కొలతకి సరిపోయేలా ఉంది. ఇంగ్లిష్‌లో కిందికి దిగేవి జి, వై లాంటి కొన్ని అక్షరాల తోకలే, మన వత్తులు వాటికంటే బాగా కిందికి పోతాయి. అంచు దాటిందంతా కోసుకుపోతుంది. ఇది మీ టెంప్లేట్‌లో ఉందో లేదో తెలియాలంటే 'స్వ, క్ష్మీ, ష్ట్ర' అని మూడు ముక్కలు టైప్ చేసి, టైటిల్ కదలకుండా నిలబడిన ఫ్రేమ్‌లో చూడండి. కదులుతుంటే కన్ను పట్టదు.

సైజు తగ్గిస్తే వత్తు లోతు కూడా తగ్గి మాస్క్‌లోకి వస్తుంది, నేనూ మొదట అదే చేశా. కానీ పట్టీ పెద్దగా, పేరు చిన్నగా, ఖాళీ ఖాళీగా ఉంటుంది, పైగా ఫోన్‌లో చూసేవాళ్లే ఎక్కువ. చివరికి ఆ .mogrt ఫైల్‌నే ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ప్రాజెక్ట్‌లా తెరిచి, టెక్స్ట్‌కి ఆ మాస్క్‌గా ఉన్న దీర్ఘచతురస్రాన్ని కిందికి పెంచి, గీతని కూడా అంతే కిందికి జరిపి, మళ్లీ టెంప్లేట్‌గా ఎక్స్‌పోర్ట్ చేశాను. అప్పుడు 'స్వామి' స్వామిలా వచ్చాడు.

ప్రింటింగ్ ప్రెస్ నుంచి అను ఫాంట్లలో మ్యాటర్ తెచ్చుకునేవాళ్లకి ఇంకో మాట. అందులో వత్తు, గుణింతం వేరే వేరే అక్షరాలుగా ఉంటాయి. కాబట్టి ఒక్కో అక్షరంగా వచ్చే యానిమేషన్ ఉన్న టైటిల్‌లో ముందు 'స' వచ్చి, తర్వాత వత్తు వచ్చి అతుక్కుంటుంది. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే అంతా ఇంగ్లిష్ అక్షరాల పిచ్చిగీతలే. టైటిల్స్ వరకైనా యూనికోడ్‌లో టైప్ చేయించుకోండి.

టైమింగ్ గురించి పైన మెచ్చుకున్నా కదా, దానికీ ఒక హద్దు ఉంది. వచ్చేది, పోయేది కలిపి ఇందులో దాదాపు రెండున్నర సెకన్లు, దాన్ని ప్రీమియర్‌లో తగ్గించే మీట ఇవ్వలేదు. బరాత్‌లో మూడు సెకన్ల షాట్‌కి పేరు వేస్తే చదివేలోపే పోతుంది. అట్లాంటి చోట నేను యానిమేషన్ లేని మామూలు టైటిలే వేస్తున్నా.

తీసుకోవాలా అంటే, నా దగ్గర ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ఉంది కాబట్టి సరిచేసుకుని ఇప్పటికీ వాడుతున్నా. ఇంగ్లిష్ పేర్లే వేసేవాళ్లకి ఈ గొడవే లేదు. ప్రీమియర్ ఒక్కటే పెట్టుకుని తెలుగు టైటిల్స్ వేసేవాళ్లైతే, మాస్క్ లేకుండా పక్క నుంచి జరిగొచ్చే టెంప్లేట్ చూసుకోవడం మంచిదని నాకనిపిస్తుంది.