ప్రొఫెసర్‌కు తొలి మెయిల్: మన పనితో మొదలుపెట్టాలా, వారి ప్రాజెక్టుతోనా?

విదేశంలో పీహెచ్‌డీ ఖాళీ ప్రకటన చూసి ప్రొఫెసర్‌కు రాసే తొలి మెయిల్‌లో పరిశోధనాసక్తికి దక్కే చోటు రెండు వాక్యాలే. వాటిని సొంత పనితో మొదలుపెట్టాలా, వారి ప్రాజెక్టుతో మొదలుపెట్టాలా అన్నది ఒక ఉదాహరణతో చూద్దాం. ఆ ఉదాహరణలోని అమ్మాయి అనంతపురంలో జియాలజీ ఎమ్మెస్సీ చేసింది. కళ్యాణదుర్గం వైపు పల్లెల్లో మే నెలలోనూ నవంబరులోనూ బావుల నీటిమట్టాలు కొలిచి, వాననీరు ఎంత ఇంకిందో లెక్కగట్టడం ఆమె ప్రాజెక్టు. జర్మనీ నుంచి వచ్చిన ప్రకటనలో ఉన్నదీ దాదాపు అదే విషయం, కాకపోతే అక్కడ కొలిచేది నీటిమట్టాన్ని కాదు, నీటిలోని క్లోరైడ్‌ను.

మెయిల్ వెళ్లేది ఇంగ్లీషులోనే అయినా, ఆమె రాసుకున్న రెండు చిత్తుప్రతుల సారాంశాన్ని తెలుగులో ఇస్తున్నాను.

మొదటిది: "అనంతపురం జిల్లాలోని గ్రానైట్ నేలల్లో వానకు ముందు, తర్వాత నీటిమట్టాలు కొలిచి భూగర్భజల రీచార్జ్‌ను అంచనా వేశాను. ఈ రంగంలోనే పరిశోధన కొనసాగించాలని కోరుకుంటున్నాను."

రెండవది: "మీరు ప్రకటించిన ప్రాజెక్టు క్లోరైడ్ ద్వారా రీచార్జ్‌ను లెక్కగడుతున్నది, నేను నీటిమట్టాల ద్వారా లెక్కగట్టినప్పుడు, తీసుకున్న స్పెసిఫిక్ యీల్డ్‌ను బట్టి ఒకే బావికి 60 మిల్లీమీటర్లూ వచ్చింది, 120 మిల్లీమీటర్లూ వచ్చింది. క్లోరైడ్ పద్ధతితో పోల్చి ఈ అనిశ్చితిని ఎంతవరకు తగ్గించవచ్చో పరిశోధించాలని నా ఆసక్తి."

మొదటి ప్రతిలో అబద్ధం లేదు, అతిశయం లేదు. అయితే అది చేసిన పనిని చెప్పి ఆగిపోయింది, ఆ పనిలో తేలకుండా మిగిలిన ప్రశ్నను చెప్పలేదు. రెండవ ప్రతికి బలం ఆ 60, 120 అంకెల వల్లనే వచ్చింది. బావిలో మట్టం 4 మీటర్లు పెరిగిందనుకుందాం. ఆ పెరుగుదలను స్పెసిఫిక్ యీల్డ్‌తో, అంటే ఆ పొర నుంచి జారి బయటికి రాగల నీటి వంతుతో గుణిస్తే రీచార్జ్ వస్తుంది. శిథిలమైన గ్రానైట్‌లో బంకమట్టి ఎక్కువగా ఉంటే ఆ వంతును ఒకటిన్నర శాతంగానూ, తక్కువగా ఉంటే మూడు శాతంగానూ తీసుకోవడం మన దేశంలో వాడుకలో ఉంది. మొదటిదానితో 60 వస్తుంది, రెండవదానితో 120. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో ఈ తేడా చిన్నది కాదు, దాన్ని గమనించిన విద్యార్థిని ఏ ప్రొఫెసరూ తేలికగా పక్కన పెట్టరు.

ప్రకటించిన స్థానానికి రెండవదే మేలని నా అభిప్రాయం. అటువంటి స్థానానికి నిధులు, ప్రశ్న, పద్ధతి ముందే ఖరారై ఉంటాయి కనుక, ప్రొఫెసర్ వెతికేది ఆ పనికి సరిపోయే మనిషి కోసం. ప్రకటన లేకుండా, అవకాశం ఉందేమోనని రాసే మెయిల్‌కు మాత్రం సొంత పనితో మొదలుపెట్టడమే సబబు, కానీ అప్పుడూ "కొనసాగించాలని" అన్న మాట స్థానంలో ఆ తేలని ప్రశ్నే ఉండాలి. ఇక రిమోట్ సెన్సింగ్, వాతావరణ మార్పు, మెషిన్ లెర్నింగ్ అని అన్నింటిలోనూ ఆసక్తి ఉందని పేర్చే మూడవ రకం గురించి చర్చే అవసరం లేదు.

రెండవ ప్రతికి ఒక ప్రమాదం ఉంది. ప్రకటనలోని వాక్యాన్నే తిప్పి రాసి పంపితే, దాన్ని రాసినవారే చదువుతారు కనుక మొదటి చూపులోనే తెలిసిపోతుంది. కాబట్టి ప్రాజెక్టు ప్రస్తావన అర వాక్యానికి మించకుండా, మిగతాదంతా తాను కొలిచినదే అయి ఉండాలి. అలాగే క్లోరైడ్ పద్ధతిని చదివి తెలుసుకున్నదే తప్ప చేయనప్పుడు చేసినట్టు ధ్వనించకూడదు. వాన తెచ్చిన క్లోరైడ్, నీరు ఆవిరైపోయినా మిగిలిపోతుంది కనుక, భూగర్భజలంలో అది వానలో కంటే పది రెట్లు ఉంటే వానలో పదో వంతు ఇంకినట్టు స్థూలంగా లెక్క. కానీ పొలంలో వేసే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ కూడా క్లోరైడే కనుక, సాగు భూముల్లో ఈ పద్ధతి రీచార్జ్‌ను తక్కువ చేసి చూపవచ్చు. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వచ్చినప్పుడు నీళ్లు నమలడం కన్నా, మెయిల్‌లో ఆ పద్ధతి తనకు కొత్త అని ఒప్పుకోవడం మంచిది.

ఆ అమ్మాయికి నేను సూచించిన మార్పు ఒక్కటే, "బావి" అన్న చోట "చేద బావి" అని స్పష్టంగా రాయమన్నాను. మన దగ్గర వందల అడుగులు దిగిన బోర్లు లోతైన పగుళ్ల నుంచి నీళ్లు తోడుతాయి. వాటి మట్టానికి శిథిల పొర స్పెసిఫిక్ యీల్డ్‌ను అంటగడితే లెక్క నిలవదు. భారతదేశంలో ఫీల్డు పని చేసిన ప్రొఫెసర్ అయితే మొదట అడిగేది అదే.

జర్మనీలో ప్రకటించిన స్థానాలు సాధారణంగా ఉద్యోగాలే కనుక, మెయిల్ ఎంత బాగున్నా ప్రకటనలో చెప్పిన మార్గంలో, గడువులోగా, రిఫరెన్స్ నంబరుతో దరఖాస్తు విడిగా పంపవలసిందే.