లింక్డ్ఇన్‌లో మా స్టాఫ్ చేత రాయించి రెండేళ్లు: నా అనుభవం

తిరుపతిలో మాది పద్నాలుగు మంది ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు కాటా, స్టాకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ అమ్ముతాం. రెండేళ్లుగా లింక్డ్ఇన్‌లో కంపెనీ పేజీ నడుపుతూ, స్టాఫ్ చేత కూడా పోస్టులు పెట్టిస్తున్నాం.

మొదటి ఆరు నెలలు దండగ. పండగ శుభాకాంక్షలు, కొత్త వెర్షన్ ప్రకటనలు పేజీలో పెట్టేవాణ్ణి. అదే మేటరు వాట్సాప్ గ్రూపులో వేసి, అందరినీ షేర్ చేయమనేవాణ్ణి. లైకులు బాగానే వచ్చేవి. ఒకరోజు కూర్చుని ఆ పేర్లు ఒక్కొక్కటే చూస్తే సగం మా వాళ్లే, మిగతావాళ్లు వాళ్ల కాలేజీ స్నేహితులు. కొనేవాడు ఒక్కడూ లేడు. మీరూ ఒకసారి ఆ పేర్ల జాబితా తెరిచి చూడండి. లెక్క అక్కడే తేలిపోతుంది.

తర్వాత పద్ధతి మార్చాం. మా సపోర్ట్ కుర్రాడు తోతాపురి సీజన్‌లో ఒక ఫ్యాక్టరీలో రాత్రంతా ఉండి వచ్చాడు. కరెంటు పోయి వచ్చినప్పుడు కాటా స్లిప్పు మళ్లీ కొట్టడంతో ఒకే లారీ లెక్కలో రెండుసార్లు ఎక్కింది. ఖాళీ బండి బరువు పడేదాకా ఆ నంబరుతో కొత్త ఎంట్రీ తీసుకోకుండా వాడు సరిచేశాడు. అదే కథ వాడి మాటల్లోనే, వాడి అకౌంట్‌లో రాయమన్నాను. ఫ్యాక్టరీ వాళ్లను అడిగి, రైతు పేరు చెరిపి స్లిప్పు ఫొటో పెట్టాం. నేను దిద్దింది రెండు స్పెల్లింగులే.

వచ్చిన లైకులు ముప్పై ఒకటి. అందులో ముగ్గురు వేరే ఫ్యాక్టరీల అకౌంట్స్ మేనేజర్లు! ఊరికే రాలేదులెండి, అంతకుముందు రెండు నెలలు వాడు వారానికి ఐదారుగురు అలాంటివాళ్లకే కనెక్షన్ పంపుతూ వచ్చాడు. ఒకాయన "మాకూ ఇదే తలనొప్పి బాబూ" అని మెసేజ్ పెట్టాడు. అయినా సీజన్‌లో ఎవరూ సాఫ్ట్‌వేర్ మార్చరు. డెమో, బేరం అన్నీ అయి ఆర్డరు రావడానికి ఐదు నెలలు పట్టింది.

డెమోకి ముందు ఆయన మా పేజీ చూశాడట. పేజీకి ఉన్న పని అదే: కంపెనీ నిజంగా ఉందా అని చూసుకునేవాడికి అది పాడుపడినట్టు కనిపించకూడదు. నెలకు రెండు పోస్టులు చాలు. లింకులకు తగిలించిన ట్రాకింగ్‌లో మాత్రం ఈ ఆర్డరు జాడే లేదు, ఎందుకంటే ఆయన ఏ లింకూ నొక్కలేదు. అందుకే ఇప్పుడు ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ "మా గురించి ఎక్కడ చూశారండీ?" అని అడిగి రాసుకుంటున్నాం.

అందరి చేతా రాయించలేం. పద్నాలుగు మందిలో రాసేది ముగ్గురే. టార్గెట్ పెడితే మళ్లీ కాపీ పేస్టే మొదలైంది, తీసేశాను.

అసలు దెబ్బ వేరే. ఆ కుర్రాడు మొన్న బెంగళూరు వెళ్లిపోయాడు. అకౌంటు వాడిది, కనెక్షన్లూ వాడివే. ఇప్పుడు ఎవరైనా మెసేజ్ పెడితే మొదటి వారంలోనే మా సేల్స్ అమ్మాయిని కూడా ఆ మాటల్లో కలుపుతున్నాం. ఆ పోస్టు మాత్రం ఇంకా వాడి ప్రొఫైల్‌లోనే ఉంది.