రెండు రైళ్ల మధ్య గంట వ్యవధి: కనెక్టింగ్ పీఎన్ఆర్ ఎంతవరకు ఆదుకుంటుంది?

రెండు వేర్వేరు టికెట్ల పీఎన్ఆర్‌లను కలుపుకుని కనెక్టింగ్ ప్రయాణంగా నమోదు చేసుకునే వీలును రైల్వే శాఖ 2019 ఏప్రిల్‌లో తీసుకొచ్చింది. భీమవరం నుంచి విజయవాడకు ఒక రైలు, అక్కడి నుంచి ఢిల్లీకి మరొకటి పట్టుకునే ప్రయాణాలకు నేను దీనిని చాలాకాలంగా వాడుతున్నాను. మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోతే, ప్రయాణం చేయని భాగానికి చార్జీ తిరిగి వస్తుంది. అయితే రెండో రైలు మన కోసం ఆగదు, బెర్తు మరో రైలుకు మారదు. డబ్బుకు రక్షణ ఉంది, ప్రయాణానికి లేదు. ఈ తేడా తెలియనివారు పీఎన్ఆర్‌లు కలిపాం కదా అన్న ధీమాతో మరీ తక్కువ వ్యవధి పెట్టుకుంటారు.

కలపడానికి ప్రయాణికుల వివరాలు రెండు టికెట్లలోనూ ఒకేలా ఉండాలి. ఒకదానిలో ఇంటిపేరు పూర్తిగా, మరోదానిలో పొడి అక్షరంతో రాస్తే అక్కడే చిక్కు మొదలవుతుంది. అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. భీమవరం నుంచి విజయవాడకు రెండు మూడు గంటల దూరమే కదా అని చాలామంది జనరల్ టికెట్ తీసుకుంటారు, లేదా బస్సెక్కుతారు. జనరల్ టికెట్‌కు పీఎన్ఆరే ఉండదు కాబట్టి కలపడానికి ఏమీ ఉండదు, రెండో రైలు తప్పితే ఆ చార్జీ మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకే మొదటి రైలులో సెకండ్ సిట్టింగ్ రిజర్వేషన్ తీసుకోవడం నా అలవాటు. అదనంగా అయ్యే కొద్ది రూపాయలు ఢిల్లీ టికెట్‌కు కట్టిన బీమా లాంటివి.

ఇక వ్యవధి సంగతి. టైంటేబుల్‌లో పెద్ద జంక్షన్‌కు ముందున్న చివరి కొద్ది కిలోమీటర్లకు అవసరానికి మించిన సమయం ఇస్తారు, ఆలస్యాన్ని పూడ్చుకోవడానికే ఆ వెసులుబాటు. అది ఎంత ఉందో తెలియాలంటే, అదే దారిలో విజయవాడ నుంచి వెలుపలికి వెళ్లే రైలు ఆ చివరి ముక్కను ఎన్ని నిమిషాల్లో దాటుతుందో చూసి, వచ్చే రైలుకు ఇచ్చిన సమయంతో పోల్చుకోవాలి. తేడా అరగంట ఉంటే, గుడివాడలో ఇరవై నిమిషాలు ఆలస్యంగా కనిపించిన రైలు విజయవాడకు సమయానికే చేరినా ఆశ్చర్యం లేదు. కాబట్టి ఆలస్యాన్ని గుడివాడలో చూసి కంగారు పడనవసరం లేదు, అలాగని నిశ్చింతగానూ ఉండకూడదు. రామవరప్పాడు, మధురానగర్‌ల దగ్గర ప్లాట్‌ఫారం ఖాళీ కోసం సిగ్నల్ పడక రైలు నిలబడిపోతే, ఆ వెసులుబాటంతా అక్కడే కరిగిపోతుంది.

ఒకసారి సరిగ్గా అదే జరిగింది. మొదటి రైలు సాయంత్రం 6.05కు చేరాలి, రెండోది 7.10కి బయలుదేరాలి. గుడివాడ దాటేసరికి నలభై నిమిషాల ఆలస్యం, మధురానగర్ దగ్గర మరో అరగంట నిలుపుదల. ఈలోగా రైళ్లు ఎక్కడున్నాయో చూపే ఎన్‌టీఈఎస్‌లో రెండో రైలు తెనాలి దాటినట్లు కనిపించింది. తెనాలి నుంచి విజయవాడ ముప్పై కిలోమీటర్ల పైచిలుకే, అంటే ఆ రైలు ఆలస్యం లేకుండా వస్తోందని అర్థం. దిగి వంతెన ఎక్కేసరికి దాని చివరి బోగీ ప్లాట్‌ఫారం దాటిపోతోంది.

అప్పుడు చేయవలసిన పని ఒకటే. మొదటి రైలు వాస్తవంగా చేరిన సమయం నుంచి మూడు గంటల లోపు, ఈ-టికెట్ అయితే ఆన్‌లైన్‌లో చార్జీ వాపసు కోరే టీడీఆర్ దాఖలు చేయాలి, కౌంటర్ టికెట్ అయితే ఆ స్టేషన్‌లోనే అప్పగించాలి. ఇంటికి వెళ్లి తీరిగ్గా చేద్దామనుకుంటే గడువు మించిపోతుంది. ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చుని టీడీఆర్ నింపి, ఆ వెంటనే తర్వాతి ఢిల్లీ రైలుకు కరెంట్ బుకింగ్‌లో బెర్తులున్నాయేమో చూశాను. చార్ట్ పడ్డాక మిగిలిన ఖాళీలను అలా అమ్ముతారు. ఆ రోజు థర్డ్ ఏసీలో ఒకటి దొరికింది, అది నా అదృష్టమే తప్ప ఈ సౌకర్యం గొప్పతనం కాదు. వాపసు సొమ్ము కొన్ని వారాల తర్వాత ఖాతాలో పడింది. అంతవరకు కొత్తగా కొన్న టికెట్ డబ్బు కూడా చేతి నుంచే పెట్టుకోవాలని ముందే లెక్కలో ఉంచుకోవాలి.

రెండో రైలును తర్వాతి స్టేషన్‌లో అందుకుందామని కొందరు టాక్సీ ఎక్కుతారు. బోర్డింగ్ స్టేషన్ ముందుగా మార్చుకోకపోతే, విజయవాడలో మీరు ఎక్కలేదని టీటీఈ నమోదు చేసి ఆ బెర్తును ఆర్ఏసీ వారికి ఇచ్చేయవచ్చు. ఖమ్మం చేరేసరికి మీ బెర్తులో మరొకరు ఉంటారు.

విజయవాడ నుంచి ఢిల్లీకి రోజుకు పలు రైళ్లు ఉన్నాయి కాబట్టి అక్కడ గంట వ్యవధికి నేను ఒప్పుకుంటాను. వారానికి ఒకటి రెండు రోజులే నడిచే రైలును అందుకోవాలంటే మాత్రం మూడు గంటలకు తక్కువ పెట్టుకోను, వీలైతే ముందు రోజు రాత్రే విజయవాడ చేరుకుంటాను.