కాపలాదారు అని చెప్పి అమ్మిన సాఫ్ట్‌వేర్: కొన్నేళ్ల వాడకం తర్వాత

నాకు ఈ భద్రతా సాఫ్ట్‌వేర్ అమ్మిన కుర్రాడు ఒక్క సాంకేతిక పదం కూడా వాడలేదు. "దుకాణానికి కాపలాదారును పెట్టుకున్నట్టే సార్" అన్నాడు. బిల్లింగ్ కంప్యూటర్లలో కొన్నేళ్లుగా దీన్నే వాడుతున్నాను. పేరు రాయడం లేదు, ఈ తరహావన్నీ దాదాపు ఇలాగే పనిచేస్తాయి. సాంకేతిక విషయాలు తెలియని దుకాణదారులం నిజానికి కొనేది ఆ పోలికనే కాబట్టి, అది ఎంతవరకు నిలిచిందో చెబుతాను.

కాపలాదారు రెండు పనులు చేస్తాడు. మొదటిది, పాత దొంగల ఫొటోలు దగ్గర పెట్టుకుని వచ్చేవాళ్ల ముఖాలు చూడటం. సాఫ్ట్‌వేర్ దగ్గర ఉండేది తెలిసిన వైరస్‌ల గుర్తుల జాబితా. నెట్ లేక అప్‌డేట్ ఆగిపోతే పాత ఫొటోలతోనే నెట్టుకొస్తుంది. కొత్త దొంగకు ఫొటో ఉండదు. అందుకే రెండో పని, అంటే లోపలికి వచ్చినవాడు ఏం చేస్తున్నాడో గమనించడం ఎక్కువ విలువైనది.

మా కౌంటర్లో పనిచేసే అమ్మాయి ఒకసారి ఆర్డర్ వివరాలంటూ వచ్చిన మెయిల్‌లోని ఫైలు తెరిచింది. చూడటానికి పీడీఎఫ్ బొమ్మే. అసలు పేరు `Order_Details.pdf.exe`. తెలిసిన రకం ఫైళ్ల పేర్లలో చివరి భాగాన్ని విండోస్ మామూలుగా దాచిపెడుతుంది కాబట్టి, అది ప్రోగ్రామ్ అని చెప్పే ఆ `.exe` తెరమీద కనిపించలేదు. జాబితాలో లేని ఫైలు కావడంతో సాఫ్ట్‌వేర్ కూడా రానిచ్చింది. అది బాకీల ఫోల్డర్‌లోని ఫైళ్లను వరసగా ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే మనం తెరవలేకుండా తాళం వేసి, పేర్లు మార్చడం మొదలుపెట్టాక మాత్రం ఊరుకోలేదు. ప్రోగ్రామ్‌ను ఆపేసి, నెట్‌వర్క్ నుంచి ఆ కంప్యూటర్‌ను తప్పించి, నా ఫోనుకు హెచ్చరిక పంపింది. అప్పటికే పాడైన కొన్ని ఫైళ్లను పక్కన దాచుకున్న నకళ్ల నుంచి తిరిగి తెచ్చింది. పెద్దదైన స్టాక్ ఫైలు మాత్రం రాలేదు. ఆ నకళ్లకు సైజు పరిమితి ఉంటుందని అమ్మినప్పుడు ఎవరూ చెప్పలేదు. దాన్ని విడిగా ఉన్న హార్డ్‌డిస్క్ బ్యాకప్ నుంచి తెచ్చుకున్నాం. ఆ డిస్క్ ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంటే అదీ ఎన్‌క్రిప్ట్ అయ్యేది. బ్యాకప్ తీశాక వైరు పీకేయాలి.

మరి కాపలాదారు మన మనిషినే ఆపేస్తే? బిల్లింగ్ ప్రోగ్రామ్‌కు కొత్త వెర్షన్ వేసిన మర్నాడు బిల్లు ప్రింట్ అవుతోంది, సేవ్ కావడం లేదు. కారణం వెతికితే సాఫ్ట్‌వేర్ లాగ్‌లో దొరికింది. ఆ ఫోల్డర్‌లో రాసే అనుమతి పాత వెర్షన్‌కు ఉంది, కొత్తది దానికి అపరిచితం. బిల్లింగ్ కంపెనీవాళ్లను అడిగితే "ఆ ఫోల్డర్ మొత్తాన్ని తనిఖీ నుంచి మినహాయించండి" అన్నారు. చాలామంది ఇచ్చే సలహా ఇదే, చాలా చెడ్డ సలహా కూడా. అలా చేస్తే ఆ ఫోల్డర్‌లోకి ఏం చేరినా ఎవరూ చూడరు. మన లెక్కలన్నీ ఉండేది అక్కడే. ఆ ఒక్క ప్రోగ్రామ్‌కే అనుమతి ఇస్తే సరిపోయింది.

పోలిక పూర్తిగా చేతులెత్తేసే చోటు ఒకటుంది. యజమాని స్వయంగా తాళంచెవి ఇచ్చి పంపినవాణ్ణి కాపలాదారు ఆపడు. బిల్లింగ్ కంపెనీ నుంచి అంటూ ఎవరో ఫోన్ చేసి, దూరం నుంచి కంప్యూటర్ నడిపే ప్రోగ్రామ్ వేయించి, తెరమీద కనిపించే కోడ్ చెప్పమంటారు. ఆ ప్రోగ్రామ్ వైరస్ కాదు, రోజూ మరమ్మతులకు వాడేదే. మా దగ్గర ఇలాంటి ఫోన్ వచ్చినప్పుడు ప్రోగ్రామ్ వేసినా సాఫ్ట్‌వేర్ కిక్కురుమనలేదు. కోడ్ చెప్పకుండా ఫోన్ పెట్టేసి, కంపెనీ అసలు నంబరుకు చేసి అడిగింది మా గుమాస్తానే.

విండోస్ అప్‌డేట్లదీ ఇలాంటి కథే. 2017 మేలో వన్నాక్రై అనే హానికర ప్రోగ్రామ్ ఎవరూ ఏ ఫైలూ తెరవకుండానే కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు పాకింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే మందు విడుదల చేసింది. సాఫ్ట్‌వేర్ తెరమీద ఆకుపచ్చ గుర్తు వెలుగుతున్నంత మాత్రాన విండోస్ అప్‌డేట్లు పడ్డాయని అర్థం కాదు. రెండూ విడివిడిగా చూసుకోవాలి.

ఇక డబ్బు పెట్టవచ్చా అంటే, ఉన్నది ఒక్క కంప్యూటరే అయితే తొందరపడవద్దు. విండోస్ 10, 11తో వచ్చే డిఫెండర్‌లోనూ ఫోల్డర్లను కాపాడే `Controlled folder access` ఉంది. మామూలుగా అది ఆపి ఉంటుంది, మనమే ఆన్ చేయాలి. నాకు కంప్యూటర్లు ఎక్కువ, వాటన్నిటి హెచ్చరికలూ ఒకేచోట ఫోనులో కనిపించడం, పాడైన ఫైళ్లు వెనక్కి రావడం నాకు అవసరం. ఆ రెండింటి కోసమే చందా మళ్లీ కట్టాను.