పాత నోటీసు, తిరగరాసిన నోటీసు

ఒడిశాలోని పర్లాకిమిడి వైపు ఒక కాలేజీలో, పరీక్ష ఫలితాలపై రీకౌంటింగ్, రీవాల్యుయేషన్‌కు దరఖాస్తు చేసుకోమని బోర్డుకు అంటించిన నోటీసును మేం ముగ్గురం కూర్చుని తిరగరాశాం.

పాతదానిలో గడువు ఇలా ఉంది: "ఫలితాలు వెలువడిన 15 దినములలోగా". మా పక్కింటి పిల్ల మార్కుల మెమో చేతికొచ్చిన రోజు నుంచి లెక్కేసుకుంది. ఫలితాలు నెట్లో పెట్టింది జూన్ 3న, మెమో వచ్చింది 12న. మధ్యలో రజ పండగ సెలవులు. 20న ఆఫీసుకెళ్తే గడువు 18తోనే అయిపోయిందన్నారు. కొత్తదానిలో రోజుల లెక్కే లేదు: "జూన్ 18, సాయంత్రం 5 గంటల లోపు. మెమో రాకపోయినా దరఖాస్తు చేయవచ్చు." నాకైతే ఈ రెండో వాక్యమే అసలైనది.

"నిర్ణీత రుసుము" అన్నచోట కొత్తది ఆ కాలేజీ రేట్లే రాసి, కూడి చూపిస్తుంది: రీవాల్యుయేషన్ పేపరుకు 500 రూపాయలు, రెండు పేపర్లకు 1000.

పాతది రీకౌంటింగ్, రీవాల్యుయేషన్ పదాలను పక్కపక్కన పెట్టి వదిలేసింది. కొత్తది విడదీస్తుంది: మొదటిదానిలో మార్కుల కూడిక, దిద్దకుండా వదిలేసిన జవాబులు మాత్రమే చూస్తారు. రెండోదానిలో ఇంకొకరు పేపరంతా మళ్లీ దిద్దుతారు.

"సవరించిన మార్కులే అంతిమం" అంటే మార్కులు పెరగడమే అని పిల్లలు అనుకున్నారు. ఇప్పుడు సూటిగా ఉంది: "మార్కులు తగ్గినా కొత్తవే ఖాయం. పాతవి తిరిగి ఇవ్వరు."

పాతదానిలో ఒక్కటి బాగుంది, రూలు నంబరు. గొడవొస్తే చూపించుకోవడానికి దాన్ని అడుగున అలాగే ఉంచాం.