ఆయిల్ ఫిల్టర్: లోకల్‌దా, బ్రాండ్‌దా? నేను చూసేది లోపలి రబ్బరు వాల్వ్‌నే

ఆయిల్ ఫిల్టర్ అనగానే అందరూ కాగితం గురించే మాట్లాడతారు, ఎంత సన్నటి మురికి పడుతుంది, ఎన్ని మడతలున్నాయి అని. అది ముఖ్యమే, కాదనను. కానీ ఇన్నేళ్ళు వాడాక నేను డబ్బు పెట్టేది మాత్రం లోపలుండే రబ్బరు వాల్వ్ కోసం. యాంటీ డ్రెయిన్ బ్యాక్ వాల్వ్ అంటారు దాన్ని. ఫిల్టర్ మూతి చుట్టూ చిన్న చిన్న బొక్కలుంటాయి కదా, ఆయిల్ లోపలికి వెళ్ళేది వాటిలోంచే. ఇంజన్ ఆపగానే ఈ రబ్బరు ఆ బొక్కల్ని లోపలి నుంచి మూసేసి ఆయిల్ వెనక్కి సంప్‌లోకి జారిపోకుండా ఆపుతుంది.

నాది పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, టైమింగ్ చైన్ ఇంజన్, ఫిల్టర్ అడ్డంగా బిగించి ఉంటుంది. ఒక సర్వీసులో షాపులో కంపెనీ ఫిల్టర్ లేదని మెకానిక్ లోకల్‌ది వేశాడు, వంద లోపే. "అన్నీ ఒకటే అన్నా, లోపలుండేది కాగితమే కదా" అన్నాడు. మొదట్లో ఏ తేడా లేదు. కొన్నాళ్ళకి పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఆయిల్ లైటు వెంటనే ఆరట్లేదు, ముందు వైపు నుంచి రెండు మూడు సెకన్లు గరగరమని శబ్దం, తర్వాత అంతా మామూలే. మధ్యాహ్నం ఆపి పది నిమిషాలకి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏ శబ్దమూ లేదు. మెకానిక్ చైన్ టెన్షనర్ పోయిందన్నాడు, వేలల్లో ఖర్చు చెప్పాడు. టెన్షనర్ పోతే కూడా ఇలాంటి శబ్దమే వస్తుంది కాబట్టి అతను అన్నదాంట్లో తప్పు లేదు. కాకపోతే రాత్రంతా నిలబెడితేనే వస్తోంది, పైగా లైటు కూడా ఆలస్యంగా ఆరుతోంది, అంటే ఆయిలే లేటుగా పైకి వస్తోంది కదా, అందుకని ముందు ఫిల్టర్ మారుద్దాం తమ్ముడూ అన్నాను.

పొద్దున్నే, ఇంజన్ స్టార్ట్ చేయకుండానే విప్పించాను. అడ్డంగా ఉండే ఫిల్టర్ రాత్రంతా నిలబెట్టినా చాలావరకు నిండుగా రావాలి, విప్పుతుంటే ఆయిల్ చేతుల మీద కారిపోవాలి. ఇది తేలిగ్గా వచ్చేసింది, లోపల కొద్దిగా తడి తప్ప ఏం లేదు. బ్రాండ్‌ది వేశాక మొదటి స్టార్ట్‌లో శబ్దం వచ్చింది, కొత్తది ఖాళీగా ఉంటుంది కాబట్టి అది మామూలే. మర్నాడు పొద్దున కిక్కురుమనలేదు, లైటు టక్కున ఆరింది. టెన్షనర్ జోలికి పోలేదు.

పాతదాన్ని రంపంతో కోయించాను. నల్ల రబ్బరు అట్టలాగా బిగుసుకుపోయి అంచు పైకి లేచి ఉంది, వేలితో నొక్కినా వంగట్లేదు. కాగితం మడతలు ఒక చోట గుంపుగా, ఇంకో చోట ఎడంగా ఉన్నాయి, అతుకు దగ్గర జిగురు సగం ఊడింది. అక్కడి నుంచి వడకట్టని ఆయిల్ నేరుగా వెళ్ళిపోతుంది.

అలాగని బ్రాండ్‌ది ఎప్పటికీ మన్నుతుందని చెప్పను. ఒకసారి బండి తక్కువ తిరిగి సర్వీసు ఏడాది దాటిపోతే ఆ మంచి ఫిల్టర్‌లో కూడా పొద్దున శబ్దం కొంచెం మొదలైంది. మామూలు నైట్రైల్ రబ్బరు వేడికి మెల్లగా గట్టిపడుతుంది, సిలికాన్ వాల్వ్ ఎక్కువ కాలం మెత్తగా ఉంటుంది. సిలికాన్ ఎక్కువగా నారింజ రంగులో వస్తుంది, మూతి బొక్కల్లోంచి చూస్తే కనిపిస్తుంది, అయితే రంగేసిన మామూలు రబ్బరు కూడా ఉండొచ్చు కాబట్టి రంగొక్కటే చూసి కొనకండి.

ఇక ఎన్ని కిలోమీటర్లకి ఏది అంటే, మినరల్ ఆయిల్ పోసి 5,000 కే మార్చేసేవాళ్ళకి, మాన్యువల్‌లో చెప్పిన సైజుకి సరిపోయే ఓ మోస్తరు చవక ఫిల్టర్ చాలు, అంతలో కాగితం నిండిపోదు. 10,000 నడిపే ఫుల్ సింథటిక్ పోసి దానికి వంద రూపాయల ఫిల్టర్ పెట్టడమే నాకు నచ్చని పని. కాగితం మురికితో మూసుకుపోతే ఇంజన్‌కి ఆయిల్ ఆగకూడదని బైపాస్ వాల్వ్ తెరుచుకుంటుంది, అప్పట్నుంచి అంత ఖరీదైన ఆయిలూ వడకట్టకుండానే తిరుగుతుంది, డాష్‌బోర్డులో ఏ లైటూ వెలగదు. అలాగని మంచి ఫిల్టర్‌ని 2,000 కే పీకేయడం కూడా దండగే, కాగితం మీద కొంచెం మురికి పట్టాకే అది ఇంకా సన్నగా వడకడుతుంది.

నా లెక్క ఇప్పుడు ఏడాదికోసారి, లేదా 10,000, ఏది ముందైతే అది, సింథటిక్‌తో పాటు రెండొందల పైన పడే బ్రాండ్ ఫిల్టర్. అదీ కంపెనీ డీలర్ దగ్గరే, ఎందుకంటే ఆ బ్రాండ్ల డూప్లికేట్లు బయట బాగానే తిరుగుతున్నాయి. మీ బండిలో ఫిల్టర్ మూతి పైకి ఉండేలా నిలువుగా కూర్చుంటే ఆయిల్ దానంతటదే లోపలే ఉంటుంది, ఈ వాల్వ్ గొడవ మీకు పెద్దగా ఉండదు, కాగితం, అతుకు చూసుకుంటే సరిపోతుంది. రోజంతా తిరిగే ట్యాక్సీకి కూడా నా అంత పట్టింపు అక్కర్లేదేమో, ఆయిల్ కిందకి జారేంత సేపు అది ఎక్కడా ఆగదు.