ఎక్స్‌ప్లైనర్ వీడియో ప్రపోజల్ మెయిల్: ఒకే రేటా, స్టేజ్‌ల వారీగానా?

బెంగళూరులో ఒక యాప్ కంపెనీకి 60 సెకన్ల వీడియో అనుకోండి. "మొత్తం 60,000, మూడు వారాలు" అని ఒక్క లైన్ పెడితే వాళ్లు వెంటనే ఓకే అంటారు, కానీ యానిమేషన్ సగం అయ్యాక స్క్రిప్ట్‌లో ఒక్క వాక్యం మార్చమంటే వాయిస్ మళ్లీ రికార్డ్ చేయాలి, టైమింగ్ మారి తర్వాతి సీన్లన్నీ మళ్లీ సర్దాలి, దానికి డబ్బులడిగితే మెయిల్‌లో లేదుగా అంటారు.

స్టేజ్‌ల వారీగా రాస్తే మెయిల్ పొడుగవుతుంది, నిజమే. మొదటి వారం స్క్రిప్ట్, స్టోరీబోర్డ్, అవి ఓకే అయ్యాకే వాయిస్, యానిమేషన్. అడ్వాన్స్ 24,000, స్టోరీబోర్డ్ ఓకే అయ్యాక 18,000, ఫైనల్ ఫైల్ ఇచ్చే ముందు 18,000. ఓకే చేసిన స్టేజ్‌కి మళ్లీ వెనక్కెళ్తే ఎక్స్‌ట్రా, ఫీడ్‌బ్యాక్ రెండ్రోజులు లేటైతే డెలివరీ కూడా రెండ్రోజులు లేటని ముందే రాసేయాలి. నేనైతే ఇదే పంపుతా, 15 సెకన్ల చిన్న క్లిప్‌కి మాత్రం ఒక్క లైన్ చాలు.